పసుపు కాంతి, తెల్ల కాంతి: చదువు గదికి ఏది, పడకగదికి ఏది

ఎల్‌ఈడీ దీపాల దుకాణంలో వార్మ్ వైట్, కూల్ వైట్ అని వినిపించేవి రెండూ తెల్లని కాంతులే. మొదటిది పాత ఫిలమెంటు బల్బులా కొద్దిగా పసుపు తిరిగి ఉంటుంది. రెండోది ట్యూబ్‌లైటులా నీలి ఛాయ కలిసి తెల్లగా మెరుస్తుంది. వీటిని వేరుచేసే కొలమానం రంగు ఉష్ణోగ్రత. దీన్ని కెల్విన్లలో చెబుతారు. 2700 నుంచి 3000 కెల్విన్ల వరకు వార్మ్ వైట్, 4000 దగ్గర నేచురల్ వైట్, 6500 దగ్గర కూల్ డేలైట్ అని మన మార్కెట్‌లో దొరికే పెట్టెల మీద సాధారణంగా ఉంటుంది. కొలిమిలో ఇనుము వేడెక్కే కొద్దీ ఎరుపు నుంచి నారింజకు, పసుపుకు, ఆపై తెలుపుకు మారినట్టే ఈ కొలమానంలోనూ అంకె పెరిగే కొద్దీ ఎరుపు తగ్గి నీలం పెరుగుతుంది. ఈ అంకెకు దీపం వేడితో సంబంధం లేదు. ఒకే వాట్ల 6500 కెల్విన్ల బల్బును, 3000 కెల్విన్ల బల్బును పక్కపక్కన వెలిగించి తాకితే రెండూ ఇంచుమించు ఒకే వేడితో ఉంటాయి.

తెలుగు ఇళ్లలో చాలాకాలంగా తెల్ల కాంతిదే పైచేయి. హాల్లోనూ పడకగదిలోనూ గోడకు బిగించిన నాలుగడుగుల ట్యూబ్‌లైటు అలవాటు చేసిన రంగు అది. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఉజాలా పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు చవక ధరకు ఇళ్లకు చేరాయి. ఫిలమెంటు బల్బు పోవడంతో ఇంట్లో మిగిలి ఉన్న పసుపు వెలుతురు కూడా చాలాచోట్ల పోయింది. కొత్తగా ఫ్లాట్లు కట్టించుకునేవారు ఫాల్స్ సీలింగ్ వేయించే రోజున పసుపు లైటు పెట్టాలా, తెల్ల లైటు పెట్టాలా అని ఎలక్ట్రీషియన్‌ను అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు సమాధానం గదిని బట్టి, గడియారంలో వేళను బట్టి మారుతుంది. రంగుతో పాటు వెలుతురు ఎంత ఉందన్నది కూడా చూడకపోతే ఆ సమాధానం సగమే అవుతుంది.

నీలం చిప్, పసుపు పూత

తెల్లని కాంతిని నేరుగా పుట్టించే ఎల్‌ఈడీ చిప్ లేదు. ఇళ్లలో వాడే దాదాపు ప్రతి తెల్ల ఎల్‌ఈడీలోనూ ఉండేది నీలి కాంతినిచ్చే చిప్పే. దాని తరంగదైర్ఘ్యం 450 నానోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. సమర్థంగా వెలిగే ఆ నీలి చిప్‌ను సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. చిప్ మీద ఫాస్ఫర్ అనే పసుపు పదార్థపు పూత వేస్తారు. అది నీలి కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుని పసుపు, ఎరుపు కాంతులుగా తిరిగి వెలువరిస్తుంది. పూతలో నుంచి తప్పించుకుని వచ్చిన నీలం, పూత ఇచ్చిన పసుపు కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి.

వార్మ్ వైట్‌కూ కూల్ వైట్‌కూ తేడా ఈ పూతలోనే ఉంది. పూత మందంగా వేసి, ఎరుపునిచ్చే ఫాస్ఫర్ ఎక్కువ కలిపితే నీలం చాలావరకు మారిపోయి వార్మ్ వైట్ వస్తుంది. పూత పలుచగా ఉంటే నీలం ఎక్కువ మిగిలి కూల్ వైట్ అవుతుంది. ఒక రంగు కాంతిని మరో రంగులోకి మార్చినప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. అందుకే అదే 9 వాట్ల బల్బుల్లో కూల్ వైట్ రకం ల్యూమెన్లు వార్మ్ వైట్ కంటే కాస్త ఎక్కువగా ఉండటం మామూలే. ఇంటి కరెంటు బిల్లులో ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నది. పసుపు లైటు పెడితే కరెంటు ఎక్కువ కాలుతుందన్న భయంతో రంగు ఎంచుకోవాల్సిన అవసరం లేదు.

కంటిలోని మూడో రకం గ్రాహకం

రంగు ఛాయ ఇంత చర్చకు రావడానికి కారణం 2002లో బయటపడింది. కంటి రెటీనాలో చూపుకు పనికొచ్చే రాడ్లు, కోన్లు ఉంటాయని అంతకుముందే తెలుసు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బెర్సన్ బృందం వాటి ప్రమేయం లేకుండా తమంతట తామే వెలుతురుకు స్పందించే కొన్ని కణాలు రెటీనాలో ఉన్నాయని ఎలుకల్లో నిరూపించింది. వాటిలో మెలనాప్సిన్ అనే వర్ణకం ఉంటుంది. ఈ కణాల ప్రధానమైన పని బొమ్మ చూపించడం కాదు. బయట పగలో రాత్రో మెదడులోని జీవగడియారానికి తెలియజేయడం, కంటిపాప పరిమాణాన్ని సర్దడం. మెలనాప్సిన్ 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి బాగా స్పందిస్తుంది. ఆ సంకేతం అందినంతసేపూ మెదడు ఇంకా పగలే అనుకుంటుంది. నిద్రవేళను సూచించే మెలటోనిన్ హార్మోను అప్పుడు సరిగా విడుదల కాదు.

ఇక్కడ చాలామంది ఒక తొందరపాటు నిర్ణయానికి వస్తారు. నీలమే దోషి కాబట్టి పసుపు లైటు పెడితే సమస్య తీరినట్టే అనుకుంటారు. అది నిజం కాదు. ఆ కణాలకు చేరేది రంగు ఒక్కటే కాదు, మొత్తం కాంతి పరిమాణం కూడా. ఒక ఉపరితలం మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. కంటి దగ్గర కొలిచిన లక్స్‌ను ఒక గుణకంతో హెచ్చిస్తే జీవగడియారానికి ఎంత వెలుతురు చేరిందో తెలుస్తుంది. ఆ గుణకం 6500 కెల్విన్ల ఎల్‌ఈడీకి సుమారు 0.9, 4000కు 0.6, 3000కు 0.45 ఉంటుంది. బల్బు తయారీని బట్టి ఇవి కొంత అటూఇటవుతాయి. అంటే తెల్ల లైటు తీసి పసుపు లైటు పెడితే జీవగడియారం మీద పడే భారం సగానికి తగ్గుతుంది. సున్నా మాత్రం కాదు.

ఎంత ఉంటే మంచిదన్న దానికి 2022లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం పీఎల్‌ఓఎస్ బయాలజీ పత్రికలో అంకెలు సూచించింది. పగలు ఈ లెక్కలో కనీసం 250, నిద్రకు మూడు గంటల ముందు నుంచి 10కి మించకుండా, నిద్రలో 1కి మించకుండా ఉండాలి. ఇవి పగలు పనిచేసి రాత్రి నిద్రపోయే ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు చెప్పినవి. గది మధ్యలో మేజా మీద కాక కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, చూపు సాగే దిశలో కొలవాల్సినవి.

పడకగది

పడకగదిలో మంచానికి ఎదురుగోడ మీద 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ ఉందనుకుందాం. మంచం మీద ఆనుకుని కూర్చున్నవారి కంటికి దాని నుంచి 100 లక్స్ చేరుతోందని లెక్క వేద్దాం. అది కూల్ డేలైట్ అయితే జీవగడియారానికి అందేది 90. అదే వాట్ల వార్మ్ వైట్ ట్యూబ్‌తో మార్చితే 45. రెండూ 10 అనే హద్దుకు చాలా పైనే ఉన్నాయి. పసుపు రంగు పెట్టినా రాత్రి తొమ్మిది దాటాక ఆ ట్యూబ్‌ను అలాగే వెలిగిస్తే అసలు ప్రయోజనం దక్కదు. ఇప్పుడు ఆ ట్యూబ్ ఆపేసి, మంచం పక్కన బల్ల మీద గుడ్డ షేడ్ ఉన్న దీపంలో 3 లేదా 5 వాట్ల వార్మ్ వైట్ బల్బు పెడితే? బల్బు కంటికి నేరుగా కనబడదు, వెలుతురు కిందికీ గోడ మీదికీ పడుతుంది. కంటికి చేరేది 15 లేక 20 లక్స్ అనుకుంటే 0.45తో హెచ్చించినప్పుడు 7 నుంచి 9 వస్తుంది. హద్దులోకి వచ్చినట్టే. రంగు మారడం వల్ల వచ్చిన లాభం రెండు రెట్లు. దీపాన్ని చిన్నది చేసి కిందికి దించడం వల్ల వచ్చింది ఐదారు రెట్లు.

మామూలు గది వెలుతురు కూడా ఎంత పని చేస్తుందో 2011లో అమెరికాలో జాషువా గూలీ తదితరులు ప్రచురించిన ప్రయోగం చూపింది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న 116 మందిని పడుకునే ముందు కొన్ని గంటలు ఒకసారి 200 లక్స్ లోపు మామూలు గది వెలుతురులో, ఒకసారి 3 లక్స్ లోపు మసక వెలుతురులో ఉంచారు. గది వెలుతురులో మెలటోనిన్ విడుదల దాదాపు అందరిలోనూ ఆలస్యమైంది. అది ఒంట్లో ఉండే వ్యవధి సుమారు గంటన్నర తగ్గింది.

వయసును బట్టి ఈ ప్రభావం మారుతుంది. పిల్లల కంటిపాపలు పెద్దవి, కటకాలు స్వచ్ఛమైనవి కాబట్టి అదే దీపం వాళ్ల రెటీనాకు ఎక్కువ నీలాన్ని చేరవేస్తుంది. పసిపిల్లలు పడుకునే గదిలో రాత్రి తెల్ల ట్యూబ్ వెలిగించి ఉంచడం పెద్దల గదిలో కంటే ఎక్కువ నష్టం. అరవై దాటినవాళ్లలో కటకం పసుపు తిరిగి నీలాన్ని అడ్డుకుంటుంది. అదే కటకం చూపుకు కావలసిన వెలుతురును కూడా తగ్గిస్తుంది కనుక మంచం మీద పత్రిక చదివే తాతగారికి మసక పసుపు దీపం చాలదు. గదంతా మసకగానే ఉంచి, పత్రిక మీద మాత్రమే పడేలా ఒక చిన్న రీడింగ్ ల్యాంప్ ఇవ్వాలి.

జీరో బల్బు గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన ఇళ్లలో నీలం రంగు జీరో బల్బు అంటే ఎందుకో ఇష్టం ఎక్కువ. చల్లగా కనిపిస్తుందని రాత్రంతా వెలిగిస్తారు. జీవగడియారం అత్యంత సున్నితంగా గుర్తించే రంగు సరిగ్గా అదే. అర వాటు దీపమే కావచ్చు, కానీ ఎరుపు గానీ ముదురు పసుపు గానీ దొరుకుతున్నప్పుడు నీలాన్ని ఎంచుకోవడానికి కారణం లేదు. దాన్ని కళ్లకు ఎదురుగా పైన పెట్టకుండా మంచం కిందికో, నేలకు అడుగు ఎత్తులో ఉన్న ప్లగ్‌కో మార్చితే బాత్‌రూమ్‌కు దారి కనిపిస్తుంది, నిద్రా చెడదు.

చదువు గది

చదువుకు తెల్ల లైటే మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. అందులో నిజం కొంతే. అచ్చు అక్షరం స్పష్టంగా కనబడటానికి అన్నిటికన్నా ముఖ్యం పుస్తకం మీద ఎన్ని లక్స్ పడుతున్నాయన్నది. చదువు, రాత పనికి 300 నుంచి 500 లక్స్ కావాలి. ఐరోపాలో కార్యాలయపు బల్లలకు పెట్టుకున్న ప్రమాణం 500. అంతే లక్స్ దగ్గర నీలి ఛాయ కాంతికి కంటిపాప కొద్దిగా ఎక్కువ ముడుచుకుని అక్షరం కాస్త పదునుగా కనిపించే మాట నిజమే. అయితే 100 లక్స్ తెల్ల కాంతి కంటే 400 లక్స్ పసుపు కాంతి కింద చదవడమే ఎంతో సులువు.

మన గదుల్లో ఆ 300 ఉంటుందా? పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న గదిలో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ ఒకటి ఉంటే అది సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది. గోడలు, దుమ్ము, పాతబడటం అన్నీ లెక్కేస్తే బల్ల ఎత్తుకు చేరేది సగం. గది వైశాల్యం 9.3 చదరపు మీటర్లు. వెయ్యిని 9.3తో భాగిస్తే సగటున 107 లక్స్. పైగా బల్లను గోడకు ఆనించి వేస్తాం, ట్యూబ్ వీపు వెనక ఉంటుంది, తల నీడ పుస్తకం మీదే పడుతుంది. అప్పుడు మిగిలేది వందకూ తక్కువే. రంగు మార్చినంత మాత్రాన ఈ లోటు తీరదు. దాన్ని తీర్చేది టేబుల్ ల్యాంపు.

400 ల్యూమెన్లు ఇచ్చే 5 వాట్ల టేబుల్ ల్యాంపును పుస్తకానికి 45 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే సరిగ్గా కింద 600 లక్స్ దాకా వస్తుంది. 60 సెంటీమీటర్లకు పెంచితే 350కి పడిపోతుంది. దూరం కొద్దిగా పెరిగినా వెలుతురు చాలా తగ్గుతుంది కనుక ల్యాంపు మెడ వంగేది కావాలి. కుడిచేత్తో రాసేవారికి ల్యాంపు ఎడమవైపు ఉంటే చేతి నీడ రాత మీద పడదు. దీపం కంటికి నేరుగా కనబడితే ఆ మెరుపే కళ్లకు శ్రమ. ఆర్ట్ పేపరు పేజీ మీద దీపం ప్రతిబింబం కనిపిస్తుంటే ల్యాంపును పక్కకు జరపాలి. ల్యాంపు ఒక్కటే వెలిగించి గదంతా చీకటి చేయడం కూడా మంచిది కాదు. పుస్తకం నుంచి తల ఎత్తిన ప్రతిసారీ కన్ను వెలుగుకూ చీకటికీ సర్దుకోవాల్సి వస్తుంది.

పగటిపూట లెక్క తిరగబడుతుంది. జీవగడియారానికి 250 చేరాలంటే కూల్ డేలైట్ కింద కంటి దగ్గర 280 లక్స్ చాలు. వార్మ్ వైట్ కింద 550 దాటాలి. ఇంటి దీపాలతో ఆ రెండోది దాదాపు అసాధ్యం. కాబట్టి వెలుతురు రాని గదిలో పొద్దున, మధ్యాహ్నం చదివేవారికి తెల్ల కాంతి నిజంగానే మేలు. కిటికీ పక్కన బల్ల వేయగలిగితే అంతకంటే మేలు. ఎండ నేరుగా పడకపోయినా కిటికీ దగ్గరి పగటి వెలుతురు ఏ ట్యూబ్ కంటేనైనా ఎక్కువగా ఉంటుంది.

ఒకే గదిలో రెండూ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్ చదివే పిల్లలున్న రెండు పడకగదుల ఫ్లాట్లలో చదువు గది వేరుగా ఉండటం తక్కువ. పిల్ల చదివేదీ పడుకునేదీ ఒకే గదిలో. పోటీ పరీక్షల ఏడాదిలో రాత్రి పదిన్నర దాకా చదువు, పదకొండుకు నిద్ర, తెల్లవారుజామున మళ్లీ లేవడం. అలాంటి పదడుగుల గదికి ఏం చేయవచ్చో చూద్దాం.

పైన ట్యూబ్‌ను 6500 బదులు 4000 కెల్విన్లది పెట్టాలి. పగలు మరీ పసుపుగా అనిపించదు, రాత్రి మరీ నీలంగా ఉండదు. బల్ల మీద 3000 కెల్విన్ల టేబుల్ ల్యాంపు. మంచం పక్కన, బల్లకు వెనకగా, 3 వాట్ల వార్మ్ వైట్ దీపం. రాత్రి ఎనిమిది దాకా ట్యూబ్, ల్యాంపు రెండూ వెలుగుతాయి. ఎనిమిది తరవాత ట్యూబ్ ఆపి, ల్యాంపు, వెనక దీపం మాత్రమే ఉంచాలి. అప్పుడు పుస్తకం మీద 400 లక్స్ ఉన్నా, కాగితం నుంచి తిరిగి కంటికి చేరేది 35 నుంచి 40 లక్స్ దాకా ఉంటుంది. జీవగడియారపు లెక్కలో అది 16 నుంచి 18. పదికి కాస్త ఎక్కువే. తెల్ల ట్యూబ్, తెల్ల ల్యాంపు కలిసి వెలిగితే వచ్చే దానితో పోలిస్తే చాలా తక్కువ. ఆపైన చివరి అరగంట, పదిన్నర నుంచి పదకొండు వరకు, ల్యాంపు కూడా ఆపి వెనక దీపం ఒక్కదానితో సరిపెట్టుకోవాలి. రాత్రి చదువు ఉన్నంతకాలం ఆదర్శమైన అంకె అందదు. దాని దగ్గరకు రావడమే చేయగలిగింది.

తెల్లవారి లేచినప్పుడు మాత్రం ట్యూబ్ వెంటనే వేసేయాలి. అప్పుడు వెలుతురు ఎంత ఎక్కువైతే మెలకువ అంత తేలిక.

త్రీ ఇన్ వన్ అని అమ్మే సీలింగ్ లైట్లు స్విచ్ ఆపి వేసిన ప్రతిసారీ తెలుపు, పసుపు, రెండూ కలిసిన రంగు అంటూ మారతాయి. ఒకే గదికి అవి అనువుగా అనిపిస్తాయి. వాటిలో చాలావరకు రంగు మారుతుంది తప్ప వెలుతురు తగ్గదు. రాత్రికి కావలసిన రెండో సగం వాటి నుంచి రాదు. మామూలు ఎల్‌ఈడీ బల్బును డిమ్మర్ రెగ్యులేటర్‌కు కలిపితే అది మిణుకుమిణుకుమంటుంది, ఒక్కోసారి గుయ్‌మని మోగుతుంది, తొందరగా పోతుంది. డిమ్మబుల్ అని పెట్టె మీద ఉన్నదాన్నే అలా వాడాలి.

రంగుకు మించిన లోపాలు

తెల్ల లైటు కింద తలనొప్పి వస్తోందని చెప్పేవారి విషయంలో తప్పు చాలాసార్లు రంగుది కాక బల్బు లోపలి డ్రైవర్‌ది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది. చవక డ్రైవర్ ఉన్న బల్బు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. చూపుకు తెలియదు, కొందరికి కళ్లు లాగడం, తలనొప్పి రూపంలో తెలుస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ఫోన్‌లో స్లో మోషన్ వీడియోతో దీపం వెలుగును తీస్తే చెడ్డ బల్బు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఫోన్ లేకపోయినా, దీపం కింద పెన్సిల్‌ను వేగంగా అటూఇటూ ఊపితే మంచి దీపం కింద ఒకే మసక చార కనిపిస్తుంది, చెడ్డదాని కింద విడివిడి పెన్సిళ్లు కనిపిస్తాయి.

మరో లోపం రంగులు చూపించే సామర్థ్యంలో ఉంటుంది. దాన్ని సీఆర్ఐ అనే అంకెతో చెబుతారు. గరిష్ఠం 100. ఇంటికి 80కి తగ్గకూడదు. బొమ్మలు వేసే, జీవశాస్త్రం చిత్రాలకు రంగులు దిద్దే పిల్లలకు 90 ఉంటే బాగుంటుంది. సీఆర్ఐ తక్కువున్న బల్బు కింద, అది ఏ కెల్విన్ అయినా, చర్మం పాలిపోయినట్టు, ఎర్రని అట్ట గోధుమ రంగులో ఉన్నట్టు కనిపిస్తాయి. పసుపు లైటు నచ్చలేదనేవారిలో కొందరికి నచ్చనిది నిజానికి ఈ నాసిరకమే.

వెలుతురుకు స్పందించే తీరు మనిషి మనిషికీ చాలా మారుతుంది. 2019లో ఆస్ట్రేలియాలో 55 మంది మీద జరిపిన అధ్యయనంలో మెలటోనిన్ తగ్గడానికి కావలసిన వెలుతురు ఒకరికీ మరొకరికీ 50 రెట్లకు పైగా తేడా చూపింది. ఒకే గదిలో ఒకరు తెల్ల ట్యూబ్ కింద హాయిగా నిద్రలోకి జారుకోవడం, మరొకరు మెలకువతో దొర్లడం అందుకే. ఇంట్లో అందరికంటే వెలుతురుకు సున్నితంగా ఉన్నవారిని బట్టి పడకగది దీపం పెట్టుకోవడం మేలు.

దీపాలు కొనేటప్పుడు ఒకే గదికి కావలసినవన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి తీసుకోవాలి. 3000 కెల్విన్లని రాసి ఉన్న రెండు బల్బుల మధ్య అనుమతించిన తేడాయే వందకు పైగా కెల్విన్లుంటుంది, పక్కపక్కన పెడితే తేడా కంటికి తెలుస్తుంది. పెట్టె మీద వాట్లు ఒక్కటే చూడకుండా ల్యూమెన్లు, కెల్విన్లు, సీఆర్ఐ, బీఐఎస్ ముద్ర చూడాలి. రెండు దీపాలకే డబ్బు సరిపోయే ఇంట్లో పైకప్పుకు 4000 కెల్విన్ల ట్యూబ్, మంచం పక్కకు 3000 కెల్విన్ల చిన్న దీపం కొనడం సరైన ఎంపిక.